రెండు ఫొటోల మధ్య దాగిన రోడ్డు

వీధి సంఘం చందాలు పోగుచేసి రోడ్డు బాగుచేయిస్తుంది. పని అయ్యాక సమావేశం పెట్టి గోడమీద పీపీటీ వేస్తుంది. మొదటి స్లైడులో నీళ్లు నిలిచిన గుంతల ఫొటో. రెండో స్లైడులో తెల్లగా మెరిసే సీసీ రోడ్డు. మూడోదానిలో ‘మొత్తం ఖర్చు’ అని ఒకే ఒక అంకె. నాలుగోదానిలో ‘మిగిలిన పనులు త్వరలో పూర్తి చేస్తాం’ అన్న ఒక్క వాక్యం. చప్పట్లు మోగుతాయి. ఎవరైనా లేచి రోడ్డు మందం ఎంత, సిమెంటు ఎన్ని బస్తాలు పట్టింది అని అడిగితే సభ మొత్తం అతనివైపు తిరుగుతుంది. ‘మనవోళ్లే కదేటి, లెక్కలెందుకు? రోడ్డు కళ్లముందే ఉంది కదా’ అంటుంది.

పలాసలో, టెక్కలిలో, ఉద్దానం ఊళ్లలో, నిజానికి రాష్ట్రమంతటా ఇదే మాట చెల్లుబాటవుతోంది. ఈ మాట తప్పు. దీనివల్ల డబ్బు పోతుంది, రోడ్డు పోతుంది, చివరికి సంఘమూ పోతుంది.

ముందు ఆ వాదనను దాని బలంతోనే చెప్పాలి. సంఘం కార్యదర్శికి జీతం లేదు. సొంత పనులు మానుకుని కాంట్రాక్టరు చుట్టూ, ఇల్లిల్లూ చందాల కోసం తిరిగాడు. అలాంటివాణ్ణి లెక్క అడిగితే అనుమానించినట్టు అవుతుంది, వచ్చే ఏడు పనికి ఎవరూ ముందుకు రారు. పైగా వీధిలో ఉన్నది నలభై యాభై కుటుంబాలు, ఎవరేమిటో ఎవరికి తెలియదు? ఘనపు మీటర్లూ నిష్పత్తులూ చూపిస్తే ముసలివాళ్లకూ ఆడవాళ్లకూ అర్థం కావు, ఫొటో అయితే అందరికీ అర్థమవుతుంది. ఇంతకీ కోట్ల రూపాయల ప్రభుత్వ రోడ్ల లెక్కలే ఎవరూ చూపించనప్పుడు, చందాల రోడ్డుకు ఇంత పట్టింపు ఎందుకు? ఈ మాటలు చెప్పేవాళ్లలో చాలామంది మంచివాళ్లే, పని చేసినవాళ్లే. అయినా వాళ్ల వాదనలో ఒక్క అంశం కూడా నిలబడదు.

1. ‘రోడ్డు కళ్లముందే ఉంది’ అన్నది

కళ్లముందు ఉన్నది రోడ్డు కాదు, రోడ్డు పైముఖం. సిమెంటు రోడ్డు బతుకంతా కనిపించని చోట ఉంటుంది: పలక మందంలో, దాని కింద పరిచిన గ్రావెల్‌లో, దాన్ని రోలరుతో ఎంత గట్టిగా తొక్కించారన్నదానిలో. కాంక్రీటు పోసిన మర్నాటికి ఇవన్నీ కప్పబడిపోతాయి. మంచి రోడ్డూ చెడ్డ రోడ్డూ ఆరోజు ఒకేలా ఫొటో దిగుతాయి.

ఒక వీధిని ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 150 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఒప్పుకున్న మందం 15 సెంటీమీటర్లు. గుణిస్తే 67.5 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. ఘనపు మీటరుకు ఏడు బస్తాల సిమెంటు చొప్పున చూస్తే సుమారు 470 బస్తాలు. ఇప్పుడు అదే రోడ్డును 10 సెంటీమీటర్లే పోశారనుకోండి. 45 ఘనపు మీటర్లు, 315 బస్తాలతో పని ముగుస్తుంది. మూడోవంతు సరుకు మిగిలిపోయింది. పైనుంచి చూస్తే తేడా సున్నా.

నష్టం మూడోవంతు దగ్గర ఆగదు. బరువు పడినప్పుడు పలక వంగి విరగకుండా నిలిపే శక్తి మందంతో సమానంగా పెరగదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 కాస్తా 10 అయితే ఆ శక్తి సగం కూడా ఉండదు, 44 శాతానికి పడిపోతుంది. సైకిళ్లూ బైకులూ తిరిగినన్నాళ్లు ఏమీ తెలియదు. ఎవరో ఇల్లు మొదలుపెట్టి ఇసుక ట్రాక్టర్లు దించిననాడు, జీడిపిక్కల లోడుతో లారీ దగ్గరిదారి వెతుక్కుని వీధిలోకి వచ్చిననాడు పలక మూలలు పగులుతాయి. అప్పుడు ‘లారీ పాడుచేసింది’ అంటారు. లారీ వచ్చేసరికే ఆ రోడ్డులో సగం బలం లేదు.

అందుకే ‘ముందు–తర్వాత’ ఫొటోల జత మనల్ని మోసం చేస్తుంది. ఆ రెండింటి నడుమ తీయాల్సిన ఫొటో ఒకటుంది, దాన్ని ఎవరూ చూపించరు. షట్టరింగు పలకలు బిగించి, కాంక్రీటు ఇంకా పోయకముందు, కింద పరిచిన గ్రావెల్ మీద టేపు నిలబెట్టి తీసిన ఫొటో అది. అంచు పలక ఎత్తు 15 సెంటీమీటర్లని టేపు మీద అంకె చదవగలిగేలా ఉండాలి. వీధి మొదట్లో ఒకటి, నడుమ రెండు, చివర ఒకటి తీయాలి. అంచుల దగ్గర మాత్రమే కొలిస్తే చాలదు. నడుమ గ్రావెల్‌ను ఎత్తుగా వదిలేసి అక్కడ కాంక్రీటు పల్చన చేయడం పాత పద్ధతి. రెండు పలకల మీద అడ్డంగా దారం లాగి, దారం నుంచి కిందికి కొలవాలి. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని.

‘ముందు’ ఫొటో కూడా చాలాసార్లు పనికిరానిదే. వాన వెలిసిన మర్నాడు గుంతలో నీళ్లుండగా ఒకటి తీస్తారు, జనవరి ఎండలో కొత్త రోడ్డును ఇంకొకటి తీస్తారు. రెంటికీ పోలికే లేదు. గుంత లోతెంతో తెలిసేలా కొలబద్ద ఉండాలి, వీధి మొదటినుంచి ఎన్నో మీటరు దగ్గరో రాసి ఉండాలి, తేదీ ఉండాలి. ఇళ్ల గుమ్మాలు కూడా ఆ ఫొటోలో పడాలి. ఎందుకంటే పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే గ్రావెల్, ఆ పైన కాంక్రీటు పోస్తే వీధి జానెడు పైకి లేస్తుంది, నిన్నటిదాకా వీధిలో నిలిచిన నీరు రేపు వసారాలోకి వస్తుంది. గుంత పోయింది కాబట్టి తర్వాతి ఫొటో అందంగానే ఉంటుంది. గుమ్మం మునిగిన ఇల్లు అందులో కనపడదు.

రోడ్లను ఫొటోలతో తూచే అలవాటు మన సంఘాలకు ఊరికే రాలేదు. 2022 జులైలో జనసేన గుంతల ఫొటోలతో ‘గుడ్ మార్నింగ్ సీఎం సార్’ అని ప్రచారం నడిపింది. 2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో గుంతలు పూడ్చే కార్యక్రమం మొదలైనప్పుడు ప్రభుత్వమూ ఫొటోలతోనే ప్రజల్లోకి వచ్చింది. గుంత ఉందని రుజువు చేయడానికి ఫొటో చాలు. గుంతను ఎలా పూడ్చారో రుజువు చేయడానికి చాలదు. ఈ తేడాను పార్టీలు పట్టించుకోకపోవచ్చు, డబ్బు పెట్టిన వీధివాళ్లు పట్టించుకోవాలి.

2. ‘లెక్క అడగడం అంటే అనుమానించడం’ అన్నది

ఈ మాట ఉద్దానంలో వినడం నాకు మరీ వింతగా ఉంటుంది. ఇక్కడ జీడి రైతు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఆ 80 కిలోలకు 16 వేల రూపాయల మద్దతు ధర కావాలని రోడ్డెక్కి పోరాడిన రైతులు వీళ్లు. కాటా దగ్గర కిలో తేడా వస్తే ఊరుకోరు. కొనే వ్యాపారి బంధువైనా సరే కాటా వేయించే ఇస్తారు, ఇద్దరిలో ఒక్కరూ దాన్ని అవమానం అనుకోరు. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాటా అవమానం ఎందుకవుతుంది?

తిత్లీ నాటి సంగతి గుర్తుచేసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. కూలిన తోటల ఫొటోలు దేశమంతా చూసింది. పరిహారం మాత్రం ఫొటోకు రాలేదు. ఎవరి తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో లెక్క రాస్తేనే, చెట్టు లెక్కన వచ్చింది. ఆ జాబితాల్లో తమ చెట్లు తక్కువగా రాశారని ఎదురు తిరిగి అడిగినవాళ్లు సంఖ్యలు అర్థం కాని మనుషులా? మన రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మస్టర్లను సామాజిక తనిఖీల్లో ఊరి జనం ముందే చదివి వినిపిస్తున్నారు. ‘నేను ఆ రోజు పనికి పోలేదు, నా పేరెందుకు రాశారు’ అని నిలదీసినవాళ్లలో అక్షరం రాని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు లెక్కలు అర్థం కావనడం వాళ్లను తక్కువచేయడమే.

అనుమానం లెక్కవల్ల పుట్టదు, లెక్క లేకపోవడంవల్ల పుడుతుంది. ‘మొత్తం ఖర్చు’ అని ఒకే అంకె చూపించిన కార్యదర్శి నిజాయతీపరుడే కావచ్చు. ఆరునెలలకు రోడ్డు పగిలితే, అతను తిన్నాడని వీధి చివర ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఆయన చేతిలో చూపించడానికి ఏముంది? తెల్లటి రోడ్డు ఫొటో ఒకటుంది, అదే ఇప్పుడు పగిలింది. సిమెంటు కొన్న బిల్లులు, ఏ రోజు ఎన్ని బస్తాలు దిగాయో రాసిన పుస్తకం, మందం కొలిచిన ఫొటోలు ఉంటే ఆ నోళ్లు వాటంతటవే మూతపడతాయి. లెక్క ముందుగా కాపాడేది చందా ఇచ్చినవాణ్ణి కాదు, పని చేయించినవాణ్ణి.

బడ్జెట్ స్లైడు మహా అయితే పది వరుసలుండాలి. ప్రతి వరుసలో ఏ పని, ఎంత పరిమాణం, ఏ రేటు, అనుకున్నదెంత, అయినదెంత అన్నవి ఉండాలి. చందా ఇవ్వలేక ట్రాక్టరు ఇచ్చినవాళ్లది, రెండు రోజులు మట్టి తీసినవాళ్లది కూడా విలువకట్టి రాయాలి, లేకపోతే వాళ్ల వాటా ఎక్కడా కనిపించకుండా పోతుంది. ఇంజనీరు ఎం.బి. పుస్తకంలో రాసేదీ ఇలాంటిదే, కొలిచినదానికే బిల్లు.

అలాంటి బడ్జెట్ రాయని సంగతులు కూడా చెబుతుంది. కాంక్రీటు పోశాక కనీసం రెండు వారాలు తడిపి ఉంచాలి. మన 150 మీటర్ల వీధి వైశాల్యం 450 చదరపు మీటర్లు. చుట్టూ మట్టి గట్లు కట్టి అంగుళం నీరు నిలపాలన్నా మొదటిసారికే 11 వేల లీటర్లు కావాలి, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే. ఆ తర్వాత ఆవిరైనంత, ఇంకినంత రోజూ మళ్లీ పోయాలి. తాగునీటికే పైపుల వైపు చూసే ఉద్దానంలో ఈ నీరు ఊరికే రాదు. బడ్జెట్‌లో నీటి ట్యాంకర్ల వరుస లేదు, గోనెపట్టాల వరుస లేదు, బోరు ఇచ్చినవాళ్ల పేరూ లేదు అంటే, ఆ రోడ్డును ఎవరూ సరిగా తడపలేదన్నమాట. గట్టిపడకముందే ఎండిన కాంక్రీటు పైపొర పిండిలా రాలుతుంది. కొత్త సీసీ రోడ్డు మీద చెప్పుతో గట్టిగా రాస్తే తెల్లటి పొడి లేస్తోందంటే కారణాల్లో ఇది ముందువరసలో ఉంటుంది.

3. ‘పని అయిపోయింది’ అన్నది

‘మిగిలిన పనులు త్వరలో’ అన్న స్లైడే నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. రోడ్డు అయిదేళ్లు ఉంటుందా, ఒక్క వర్షాకాలంతో పోతుందా అన్నది ఆ ఒక్క వాక్యంలో దాచేసిన పనుల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ పనుల్లో మొదటిది కోతలు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగిలి తీరుతుంది. ఆ పగులు మనం చెప్పినచోట, తిన్నగా రావాలంటే పోసిన ఒక రోజులోపే నాలుగేసి మీటర్లకు ఒక అడ్డకోత, మందంలో నాలుగోవంతు నుంచి మూడోవంతు లోతున, మిషనుతో కోయాలి. మన వీధికి 37 కోతలు కావాలి. వీధిలో నడుస్తూ ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. ‘కోతలు తర్వాత కోయిస్తాం’ అని పీపీటీలో ఉంటే అది మిగిలిన పని కాదు, చేజారిన పని. వారం తర్వాత కోసే గీత అలంకారమే. పగులు అప్పటికే తనకు నచ్చిన దారిలో లోపల నడిచిపోయి ఉంటుంది.

రెండోది అంచుల మట్టి. ఉద్దానం నేలల్లో ఇసుకపాలు ఎక్కువ. పలక పోసి పక్కలు వదిలేస్తే రోడ్డు అంచు దగ్గర పలక మందం ఎత్తున గోడలా నిలుస్తుంది. ఎదురుగా ఆటో వస్తే బైకు దిగలేదు, దిగితే ఎక్కలేదు. రెండు వానలకు ఆ అంచు కింద ఇసుక జారిపోతుంది, పలక గాలిలో వేలాడుతుంది, ట్రాక్టరు చక్రం ఎక్కగానే విరుగుతుంది. కొబ్బరితోటల మధ్య ఊరి రోడ్డు మీద నడిచి చూడండి. పగుళ్లు నడుమకంటే అంచుల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. దీనికి మందు రెండు పక్కలా అరమీటరు వెడల్పున గ్రావెల్ పోసి, రోడ్డు మట్టానికి తెచ్చి, తడిపి తొక్కించడం. మన వీధికి 22 ఘనపు మీటర్లు, ఏడెనిమిది ట్రాక్టర్ల గ్రావెల్. మొత్తం ఖర్చులో చిన్న ముక్క. అయినా డబ్బు అయిపోయినప్పుడు మొదట వదిలేసేది దీన్నే, ఎందుకంటే ఫొటోలో పడదు.

మూడోది నీటిదారి. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉండాలి. మూడు మీటర్ల రోడ్డుకు నడుమ మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు చాలు. సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు, నడుమ ఒక బిందె నీళ్లు పోస్తే అవే చెబుతాయి. నీరు అంచుకు చేరాక ఎక్కడికి పోతుంది అన్నది అసలు ప్రశ్న. మురుగు కాలువ చివర మూసుకుపోయి ఉంటే, లేదా కాలువే లేకపోతే, ఎంత మంచి కాంక్రీటు పోసినా అడుగున నేల నానుతూనే ఉంటుంది. ఆ కాలువ పురపాలక సంఘానిదో పంచాయతీదో అయితే, ఎవరికి ఏ తేదీన అర్జీ ఇచ్చారో, జవాబు ఏమొచ్చిందో స్లైడులో ఉండాలి.

మిగిలిన పనుల స్లైడులో ఒక్కొక్క పని ఎదురుగా మూడు సంగతులు రాయాలి: ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, డబ్బు ఎక్కడుంది. మూడోదే అన్నింటికంటే ముఖ్యం. కాంట్రాక్టరుకు మొత్తం ఇచ్చేశాక ‘మిగిలిన పని’ అన్నదానికి అర్థం లేదు. బిల్లులో పదోవంతైనా ఆపి, అది ఆపామని స్లైడులోనే రాసి, వర్షాలు గడిచాక, కోతలూ అంచులూ చూసుకున్నాక ఇవ్వాలి. మనకు తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి. మే నెలలో వేసిన రోడ్డుకు జూన్‌లో చివరి పైసా చెల్లించడం అంటే పరీక్ష జరగకముందే పాస్ చేయడం. ఈ షరతు పని మొదలుకాకముందే కాంట్రాక్టరుతో కాగితం మీద రాసుకోవాలి. తర్వాత అడిగితే గొడవే మిగులుతుంది.

4. ‘ప్రభుత్వమే చూపించదు, మనమెందుకు?’ అన్నది

ఈ మాట లెక్క ఎగ్గొట్టేవాళ్లకు అన్నిటికంటే గట్టి ఆశ్రయం. చట్టం దీనికి సరిగ్గా ఎదురు చెబుతోంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షను ప్రకారం ప్రభుత్వ పనిని స్వయంగా వెళ్లి చూసే హక్కు, రికార్డులు తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు పౌరుడికి ఉన్నాయి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఈ దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. ప్రభుత్వం చూపించడం లేదని అనేవాళ్లలో ఆ దరఖాస్తు పెట్టినవాళ్లు ఎందరు?

ఇంకో ప్రమాదం ఉంది. వీధి రోడ్డు సంఘానిది కాదు, పంచాయతీదో పురపాలక సంఘానిదో. వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా వేస్తే రేపు పైపు కోసం తవ్వినప్పుడు అడగడానికి నోరుండదు. మనం చందాలతో వేసుకున్న 150 మీటర్లు ఎవరు, ఎప్పుడు, ఎంతకు వేశారో తేదీలతో కొలతలతో రాసి ఆ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోకపోతే, అదే ముక్క మరో పని పేరుతో మరో బిల్లులోకి ఎక్కకుండా ఆపేది ఏదీ ఉండదు. అప్పుడు ఒకే రోడ్డుకు మన డబ్బు రెండుసార్లు పోతుంది: ఒకసారి చందాగా, ఒకసారి పన్నుగా. తేదీ లేని రెండు ఫొటోలతో దాన్ని ఎవరూ రుజువు చేయలేరు.

కాబట్టి సంఘాల పెద్దలకు ఒకటే చెబుతున్నాను. మీ శ్రమను నేను తక్కువచేయడం లేదు, మీరు చేసింది చెరిగిపోకూడదనే ఇంత గట్టిగా అడుగుతున్నాను. టేపుతో తీసిన ఫొటో, పరిమాణాలతో కూడిన బడ్జెట్, పేరూ తేదీ డబ్బూ రాసిన మిగిలిన పనుల పట్టిక, ఈ మూడూ లేని పీపీటీని సభకు తీసుకురావద్దు. సభలో కూర్చునేవాళ్లకూ ఒక మాట: ఈసారి స్లైడు పడగానే చప్పట్లు కొట్టకుండా ముందు మందం అడగండి, తర్వాత బస్తాలు అడగండి, ఆ తర్వాత కాంట్రాక్టరుకు ఇంకా ఎంత ఇవ్వకుండా ఆపారో అడగండి. జవాబు వచ్చేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకండి.